నలభై వాల్వులు వెనక్కి పంపాం, మరి వాటి పన్ను?

(విశాఖపట్నం ఆటోనగర్‌లో చిన్న యూనిట్ల యజమానులు, అకౌంటెంట్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. సరుకు మొత్తం బాగుంటే లెక్క తేలిక. మొత్తం పాడైనా తేలికే, లారీ లారీగా వెనక్కి పంపేస్తాం. సగం బాగుండి సగం పాడైనప్పుడే చిక్కు. బిల్లు ఒక్కటే, అందులో కొంత మనది, కొంత మనది కాదు. ఈ సాయంత్రం ఆ ఒక్క సందర్భమే తీసుకుంటాను.

మన దగ్గర చాలామందికి ఒక నమ్మకం ఉంది. సరుకు రిజెక్ట్ చేశాం, పార్టీ పేరు మీద డెబిట్ నోటు కొట్టాం, కాబట్టి పన్ను సంగతి కూడా అందులోనే తేలిపోయింది అని. తేలలేదండి. కొన్నవాడు రాసే డెబిట్ నోటు మన పుస్తకాలకు సంబంధించిన కాగితం. "నీకు ఇవ్వాల్సిన దాంట్లో ఇంత తగ్గించుకుంటున్నాను, కారణం ఇదీ" అని అమ్మినవాడికి చెప్పడం వరకే దాని పని. జీఎస్టీ చట్టం సెక్షన్ 34 ప్రకారం వాపసు వచ్చిన సరుకు మీద పన్ను తగ్గించేది అమ్మినవాడు ఇచ్చే క్రెడిట్ నోటు. ఆ సెక్షన్‌లోనూ డెబిట్ నోటు అనేది ఉంది గానీ, అది కూడా అమ్మినవాడు ఇచ్చేదే, బిల్లులో పన్ను తక్కువ పడినప్పుడు. మనం రాసేదానికీ దానికీ సంబంధం లేదు. ఈ తేడా తెలిస్తే మిగతాదంతా వరసగా అర్థమవుతుంది.

ఒక లెక్క వేసుకుందాం. ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్. విజయవాడ పార్టీ దగ్గర 200 బాల్ వాల్వులు కొన్నారు. బిల్లు తేదీ 2026 ఫిబ్రవరి 10 అనుకుందాం. వాల్వు ధర 1,500 రూపాయలు, అంటే 3,00,000. ట్రేడ్ డిస్కౌంట్ 5 శాతం, 15,000 పోగా 2,85,000. బిల్లులోనే రవాణా 5,000 వేశారు. పన్ను లెక్కకు వచ్చే విలువ 2,90,000. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు కాబట్టి సీజీఎస్టీ 9 శాతం 26,100, ఎస్జీఎస్టీ 9 శాతం 26,100. మొత్తం బిల్లు 3,42,200.

12వ తేదీన సరుకు దిగింది. రెండు రోజుల తర్వాత హైడ్రో టెస్ట్ పెడితే 40 వాల్వులకు సీటు దగ్గర నీళ్లు కారుతున్నాయి. ఇక్కడ స్టోర్ కీపర్ రాసే కాగితమే అన్నిటికీ పునాది. సరుకు అందినప్పుడు రాసే జీఆర్ఎన్‌లో వచ్చినవి 200, తీసుకున్నవి 160, తిరస్కరించినవి 40 అని మూడు అంకెలూ పడాలి. నేను చూసిన చాలా చోట్ల 160 అని ఒక్కటే రాసి వదిలేస్తారు. అప్పుడు తర్వాత చూసేవాడికి ఆ 40 అసలు లారీలో రాలేదా, వచ్చి పాడయ్యాయా, లెక్క తప్పారా తెలియదు. అసలు రాని సరుకైతే దారి వేరు, వచ్చి రిజెక్ట్ అయిన సరుకైతే దారి వేరు. రిజెక్షన్ రిపోర్టుకు ఒక నంబరు వేసి, ఏ పరీక్షలో, ఏ కారణంతో అన్నది ఒక వాక్యంలో రాయించండి. ఆ 40 వాల్వులనూ స్టాకులో కలపకుండా విడిగా పెట్టించండి. మార్చి 31న స్టాకు లెక్కపెట్టేటప్పుడు వాటిని కూడా కలిపి ఎంచేసిన యూనిట్లు ఉన్నాయి.

ఇప్పుడు డెబిట్ నోటు ఎంతకు రాయాలి? 40 వాల్వులు, ధర 1,500, కాబట్టి 60,000 అని చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. కానీ మనం కొన్నది 1,500కి కాదు, డిస్కౌంట్ పోగా 1,425కి. కాబట్టి 40 వాల్వుల విలువ 57,000. దాని మీద సీజీఎస్టీ 5,130, ఎస్జీఎస్టీ 5,130, మొత్తం పన్ను 10,260. డెబిట్ నోటు మొత్తం 67,260.

మరి రవాణా 5,000 సంగతి? ఇది చట్టం చెప్పే విషయం కాదు, ఇద్దరి మధ్య మాట. 200కి 5,000 అయితే 40కి 1,000 అవుతుంది. అమ్మినవాడు ఆ వెయ్యి కూడా వదులుకుంటానంటే డెబిట్ నోటులో కలపండి, దాని మీద పన్ను 180 కూడా కలపండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. ఆ 5,000 మొత్తం మిగిలిన 160 వాల్వుల ఖరీదులోకి వెళుతుంది. ముందుగా ఫోన్ చేసి ఈ ఒక్క ముక్క తేల్చుకోండి అని నేను అందరికీ చెబుతాను. ఎందుకంటే మన డెబిట్ నోటు ఒక అంకె, ఆయన క్రెడిట్ నోటు ఇంకో అంకె అయితే, ఆ తేడా లెడ్జర్‌లో ఏడాది పొడుగునా వేలాడుతుంది. మన లెక్కలో రవాణా ఆయన వదలలేదు అనుకుందాం.

డెబిట్ నోటు మీద మన నంబరు, తేదీతో పాటు అసలు బిల్లు నంబరు, తేదీ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు, హెచ్ఎస్ఎన్, సంఖ్య, డిస్కౌంట్ పోయిన ధర, పన్ను, రిజెక్షన్ రిపోర్టు నంబరు ఉండాలి. దాన్ని చూసే ఆయన క్రెడిట్ నోటు తయారు చేస్తాడు.

పుస్తకాల్లో ఎంట్రీ ఇలా ఉంటుంది. బిల్లు వచ్చినప్పుడు కొనుగోళ్లు 2,90,000, ఇన్‌పుట్ సీజీఎస్టీ 26,100, ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ 26,100 డెబిట్, పార్టీకి 3,42,200 క్రెడిట్. డెబిట్ నోటు రాసినప్పుడు పార్టీ ఖాతాకు 67,260 డెబిట్, కొనుగోలు వాపసులకు 57,000, ఇన్‌పుట్ సీజీఎస్టీకి 5,130, ఇన్‌పుట్ ఎస్జీఎస్టీకి 5,130 క్రెడిట్. పార్టీకి ఇవ్వాల్సింది 2,74,940 మిగిలింది. మనకు మిగిలిన ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే మనం కట్టే పన్నులోంచి తగ్గించుకోగలిగేది, 41,940. సరిచూసుకోవాలంటే 160 వాల్వులు 2,28,000, రవాణా 5,000, కలిపి 2,33,000, దాని మీద 18 శాతం 41,940. సరిపోయింది.

ఇక సరుకు వెనక్కి పంపడం. ఫిబ్రవరి 18న పంపుతున్నాం. డెలివరీ చలాన్ రాయాలి, మూడు ప్రతులు: అసలుది అందుకునేవాడికి, రెండోది రవాణావాడికి, మూడోది మనకు. వాపసు సరుకు కదా, ఈ-వే బిల్లు ఎందుకు అని అడుగుతారు. పన్నుతో కలిపి విలువ 67,260, యాభై వేలు దాటింది కాబట్టి కావాలి. అనకాపల్లి దాటాక ఎవరైనా ఆపితే చూపించాల్సింది ఈ చలాన్, ఈ-వే బిల్లు. డెబిట్ నోటు కాపీ కూడా జత చేస్తే మంచిది. సరుకు అందినట్టు పార్టీ సంతకంతో చలాన్ ప్రతి తెప్పించుకోండి. రేపు క్రెడిట్ నోటు గురించి పేచీ వస్తే మన చేతిలో ఉండే గట్టి కాగితం అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. అమ్మినవాడు తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో బిల్లు చూపించాడు, పూర్తి విలువతో. అది మన ఐఎంఎస్ తెరలో కనిపించింది. 2024 అక్టోబర్ నుంచి ఈ ఐఎంఎస్ ఉంది కదా, ప్రతి బిల్లునూ యాక్సెప్ట్, రిజెక్ట్, పెండింగ్ చేసే చోటు. అక్కడ కొందరు చేసే పని వింటే బాధేస్తుంది. "సరుకులో కొంత రిజెక్ట్ చేశాం కదా" అని బిల్లునే రిజెక్ట్ కొట్టేస్తారు. ఐఎంఎస్‌లో బిల్లును సగం ఒప్పుకోవడం అనేది లేదు. రిజెక్ట్ కొడితే ఆ 160 మంచి వాల్వుల మీద పన్నుతో సహా మొత్తం 52,200 మనకు వచ్చే క్రెడిట్ చూపించే ఆ నెల జీఎస్టీఆర్-2బి నుంచి పోతుంది. పెండింగ్‌లో పెట్టినా ఆ నెల రాదు. కొంత సరుకే రిజెక్ట్ అయినప్పుడు బిల్లును పూర్తిగా యాక్సెప్ట్ చేయాలి. తిరస్కరణ సంగతి క్రెడిట్ నోటు ద్వారానే నడవాలి.

మార్చి 14న ఫిబ్రవరి 2బి వస్తుంది. అందులో 52,200 ఉంటుంది. క్రెడిట్ నోటు ఇంకా రాలేదు. విజయవాడలో ఆయన సరుకు దింపుకుని, తన మనిషితో పరీక్ష చేయించుకుని, మార్చి 9న క్రెడిట్ నోటు ఇచ్చాడనుకోండి, అది మార్చి నెల జీఎస్టీఆర్-1లో, 9B పట్టికలో చూపిస్తాడు. అంటే మన 2బిలోకి వచ్చేది ఏప్రిల్ 14న. ఈలోపు మార్చి 20లోపు ఫిబ్రవరికి పన్ను కట్టే రిటర్న్, జీఎస్టీఆర్-3బి, వేయాలి. పోర్టల్‌లో 52,200, మన పుస్తకాల్లో 41,940. ఏది వేయాలి?

చాలామంది 52,200 తీసేసుకుని, క్రెడిట్ నోటు వచ్చినప్పుడు చూద్దాం అంటారు. నా సలహా అది కాదు. సరుకు ఫిబ్రవరి 18నే వెళ్లిపోయింది. మన దగ్గర లేని సరుకు మీద క్రెడిట్ పట్టుకుని కూర్చోవడం ఎందుకు? 3బిలో క్రెడిట్ తీసుకునే గడి 4(A)(5)లో 52,200 అలాగే ఉంచి, తాత్కాలిక రివర్సల్ గడి 4(B)(2)లో 10,260 రివర్స్ చూపించండి. నికరం 41,940. మీ పుస్తకాలూ రిటర్నూ ఆ నెలే కలిసిపోతాయి.

దీనికి ఇంకో లాభం ఉంది. అమ్మినవాడు క్రెడిట్ నోటు ఇవ్వకుండా నాన్చుతున్నాడు అనుకోండి. మనం 67,260 చెల్లించకుండా ఆపాం. బిల్లు తేదీ నుంచి 180 రోజులు, అంటే ఆగస్టు 9 దాటితే, రూల్ 37 కింద చెల్లించని మొత్తానికి తగ్గ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి, వడ్డీ ప్రశ్న కూడా వస్తుంది. చెల్లించని 67,260కి తగ్గ పన్ను ఎంత? అదే 10,260. ఫిబ్రవరిలోనే రివర్స్ చేసి ఉంటే ఆ తేదీ గురించి మీకు దిగులు ఉండదు.

ఇప్పుడు ఏప్రిల్ 14. మార్చి 2బి వచ్చింది. అందులో క్రెడిట్ నోటు ఉంది. ఇక్కడే డబ్బు పోయే చోటు ఉంది, దయచేసి శ్రద్ధగా వినండి. క్రెడిట్ నోటు యాక్సెప్ట్ అయితే పోర్టల్ దానంతట అదే మార్చి 3బిలో 4(A)(5) నుంచి 10,260 తగ్గించేస్తుంది. మనం ఫిబ్రవరిలో ఒకసారి రివర్స్ చేశాం. ఇప్పుడు పోర్టల్ ఇంకోసారి తగ్గించింది. ఒకే వాల్వుల మీద రెండుసార్లు పన్ను వెనక్కి పోయింది. చూసుకోకపోతే మీ 10,260 అలా మునిగిపోతుంది, ఎవరూ నోటీసు కూడా పంపరు. ప్రభుత్వానికి తక్కువ కడితే నోటీసు వస్తుంది గానీ ఎక్కువ కడితే రాదు కదా.

అందుకని మార్చి 3బిలో, ఫిబ్రవరిలో తాత్కాలికంగా రివర్స్ చేసిన 10,260ని తిరిగి తీసుకోవాలి. 4(A)(5)లో దాన్ని కలపాలి, అదే మొత్తాన్ని తిరిగి తీసుకున్న క్రెడిట్ గడి 4(D)(1)లోనూ చూపించాలి. క్రెడిట్ నోటు వల్ల తగ్గింది 10,260, తిరిగి తీసుకున్నది 10,260, ఆ నెల మీద ప్రభావం సున్నా. పుస్తకాల్లో మార్చిలో ఏ ఎంట్రీ లేదు, రిటర్న్‌లోనూ తేడా లేదు.

ఐఎంఎస్‌లో ఇప్పుడు ఇంకో సదుపాయం ఉంది. 2025 అక్టోబర్ నెల నుంచి, క్రెడిట్ నోటు యాక్సెప్ట్ చేసేటప్పుడు ఎంత ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అదే ఐటీసీ, తగ్గించాలో మనమే చెప్పవచ్చు. ముందే రివర్స్ చేశాం కాబట్టి సున్నా అని పెట్టవచ్చు కూడా. అప్పుడు తిరిగి తీసుకునే పని ఉండదు. కానీ ఆ దారిలో వెళితే ఫిబ్రవరిలో 4(B)(2)లో వేసిన 10,260, రివర్సల్, రీక్లెయిమ్ స్టేట్‌మెంట్‌లో "తిరిగి తీసుకోదగినది" అన్నట్టుగా నిలబడిపోతుంది. రెండేళ్ల తర్వాత కొత్త అకౌంటెంట్ వచ్చి, అక్కడ బ్యాలెన్స్ ఉంది కదా అని తీసేసుకుంటే అప్పుడు అది తప్పు క్లెయిమ్. అందుకే నేను మొదటి దారినే ఇష్టపడతాను, స్టేట్‌మెంట్ శుభ్రంగా సున్నా అవుతుంది. మీ ఆఫీసులో రెండింటిలో ఏదో ఒకటి నిర్ణయించుకుని అందరూ అదే చేయండి. ఒక నెల ఇలా, ఒక నెల అలా చేస్తే ఎవరికీ అంతుపట్టదు.

క్రెడిట్ నోటు వచ్చినప్పుడు ముందు మన డెబిట్ నోటు పక్కన పెట్టి చూడండి. ఆయన డిస్కౌంట్ మర్చిపోయి 60,000కి ఇచ్చాడనుకోండి, పన్ను 10,800 అవుతుంది, మనకు 540 ఎక్కువ తగ్గుతుంది. పైగా పార్టీ ఖాతా కలవదు. ఫోన్ చేసి సరిచేయించండి. ఈలోపు క్రెడిట్ నోటును ఒక పన్ను కాలం వరకు పెండింగ్‌లో పెట్టవచ్చు, అది కూడా కొత్తగా వచ్చిన వెసులుబాటే. ఏమీ చేయకుండా వదిలేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. కోపంతో రిజెక్ట్ మాత్రం కొట్టకండి. మనం రిజెక్ట్ చేస్తే ఆ పన్ను ఆయన బాధ్యతలో మళ్లీ కలుస్తుంది. నిజంగా మనది కాని క్రెడిట్ నోటు వచ్చినప్పుడు వాడాల్సిన మీట అది.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట. 2025 ఫైనాన్స్ చట్టంతో సెక్షన్ 34 మార్చారు. రిజిస్టర్ అయిన కొనుగోలుదారు ఐటీసీ తీసుకుని ఉంటే, దాన్ని రివర్స్ చేస్తేనే అమ్మినవాడు తన పన్ను తగ్గించుకోగలడు. అందుకే ఈమధ్య పార్టీలు ఫోన్ చేసి "సార్, రివర్స్ చేశారా, ఒక లెటర్ ఇవ్వండి" అని అడుగుతున్నారు. వాళ్లు మనల్ని అనుమానిస్తున్నారని అనుకోకండి. వాళ్లకు అది అవసరం. ఏ నెల 3బిలో ఎంత రివర్స్ చేశామో ఒక లైన్‌లో రాసి ఇచ్చేయండి.

*ఒక ప్రశ్న: సార్, మా పార్టీ క్రెడిట్ నోటు ఇవ్వడు. "వచ్చే లోడులో 40 వాల్వులు మంచివి పంపిస్తాను" అంటాడు. అప్పుడు?*

మంచి ప్రశ్న అమ్మా. మన వైపు ఎక్కువగా జరిగేది ఇదే. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. పాత బిల్లు అలాగే ఉండి, పాడైనవి చలాన్ మీద వెళ్లి, బదులు సరుకు చలాన్ మీద వచ్చేస్తే, చివరికి మీ దగ్గర 200 వాల్వులు ఉన్నాయి, బిల్లూ 200కే ఉంది. అప్పుడు డెబిట్ నోటు నిలబెట్టకూడదు, తాత్కాలికంగా రివర్స్ చేసి ఉంటే మంచి సరుకు అందిన నెలలో తిరిగి తీసుకోండి. అలా కాకుండా ఆయన క్రెడిట్ నోటు ఇస్తే, బదులు సరుకుకు కొత్త బిల్లు రావాలి. చెడేదెక్కడంటే, అకౌంట్స్ వాళ్లు డెబిట్ నోటు రాస్తారు, స్టోర్ వాళ్లు బిల్లు లేకుండా బదులు సరుకు దింపుకుంటారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఏడాది చివర్లో స్టాకులో 40 వాల్వులు ఎక్కువ తేలతాయి, పార్టీ మనకు 67,260 బాకీ ఉన్నట్టు కనిపిస్తుంది. పార్టీతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ తెప్పించినప్పుడే ఇది బయటపడుతుంది. బదులు సరుకా, క్రెడిట్ నోటా అన్నది రిజెక్షన్ రిపోర్టు మీదే రాయించేయండి.

*ఇంకో ప్రశ్న: పాత ఏడాది బిల్లు తాలూకు సరుకు ఇప్పుడు రిజెక్ట్ అయితే?*

క్రెడిట్ నోటుకు గడువు ఉంది సార్. సరుకు అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా అమ్మినవాడు వార్షిక రిటర్న్ వేసిన తేదీ, ఏది ముందైతే అది. మన ఫిబ్రవరి 2026 బిల్లుకు ఎంత ఆలస్యమైనా 2026 నవంబర్ 30 ఆఖరు. ఆ తర్వాత ఆయన క్రెడిట్ నోటు ఇచ్చినా తన పన్ను తగ్గించుకోలేడు, కాబట్టి పన్ను భాగం ఇవ్వనంటాడు. అందులో ఆయన తప్పేమీ లేదు.

అలాంటప్పుడు ఇంకో దారి ఉంది. 2018 అక్టోబర్‌లో గడువు తీరిన మందుల వాపసు గురించి సర్క్యులర్ 72 వచ్చింది. వేరే కారణాలతో సరుకు వెనక్కి పంపినప్పుడు కూడా అది వర్తించవచ్చని అందులోనే చెప్పారు. దాని ప్రకారం రిజిస్టర్ అయిన కొనుగోలుదారు వాపసును కొత్త అమ్మకంగా చూపి తానే ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇవ్వవచ్చు. మన లెక్కలో 57,000 మీద 10,260 పన్నుతో విజయవాడ పార్టీ పేరున మనం బిల్లు వేస్తాం. ఆ పన్ను మన అవుట్‌పుట్‌లో కడతాం, ఆయన దాన్ని ఇన్‌పుట్‌గా తీసుకుంటాడు. మొదట తీసుకున్న 52,200 క్రెడిట్ అలాగే ఉంటుంది, విడిగా రివర్సల్ అక్కర్లేదు. ముందే 4(B)(2)లో రివర్స్ చేసి ఉంటే మాత్రం ఈ బిల్లు వేసిన నెలలో దాన్ని తిరిగి తీసుకోండి, లేకపోతే ఇక్కడా రెండుసార్లు కట్టినట్టే.

ఈ బిల్లు మన జీఎస్టీఆర్-1లో బీ2బీ కింద చూపించాలి, మన టర్నోవర్‌లోనూ కలుస్తుంది. అందుకని గడువు ఉన్నప్పుడు ఈ దారి ఎంచుకోమని నేను చెప్పను. ఇంకొకటి, డెబిట్ నోటు కూడా, ట్యాక్స్ ఇన్‌వాయిస్ కూడా ఒకే సరుకుకు ఉండకూడదు. బిల్లు వేస్తున్నాం అంటే ముందు డెబిట్ నోటు రద్దు చేసి, ఆ రద్దు చేసిన సంగతి పార్టీకి రాతపూర్వకంగా పంపాలి.